కందిందా, ఎర్రబడిందా?

"ఎర్రబడిందా?" అని అడిగారు డాక్టరు.

"ఎర్రగా యాడైంది సార్, నల్లగా కమిలింది గానీ. సుర్రుమంటాది. రాత్రయితే నవ ఎక్కువ" అన్నాడు రైతు.

అవుకు దగ్గర పల్లె నుంచి బస్సెక్కి నంద్యాలకు వచ్చిన యాభై దాటిన మనిషి ఆయన. నిజానికి ఆయన ఒక్కడు కాదు. రాయలసీమలో చర్మ వైద్యుల దగ్గరికి ఇదే బాధతో వచ్చే ఎంతోమంది రైతులను ఒక మనిషిగా పోగుచేసి చెబుతున్నాను. డాక్టరు చదివిన పుస్తకంలో చర్మం వాచి రేగినప్పుడు కనపడే మొదటి గుర్తు ఎరుపు. ఆ పుస్తకం తెల్లటి చర్మాన్ని చూసి రాసింది. రైతు మాత్రం తన ఒంటి మీద కనపడినదాన్నే చెప్పాడు. ఆయన చెప్పింది తప్పు కాదు, అడిగిన ప్రశ్నే ఆయన చర్మానికి సరిపోలేదు.

మన భాషలో దీనికి మాటలు ముందే ఉన్నాయి. ఎండలో తిరిగొచ్చిన పిల్లను చూసి అమ్మ "మొహం కందిపోయింది" అంటుంది. దెబ్బ తగిలిన చోటు కమిలిందంటాం. కందడంలో కాస్త ఎరుపుంది, కాస్త నలుపుంది, వేడి కూడా ఉంది. గోధుమ రంగు చర్మం కింద నెత్తురు పోటెత్తితే పైకి కనపడేది దాదాపు అదే. డాక్టరు "కందిందా?" అని అడిగి ఉంటే రైతు వెంటనే అవుననేవాడు.

చర్మం కింద జరిగేది ఎవరికైనా ఒకటే. దురద పుట్టించే పదార్థమో, సూక్ష్మజీవో, ఎండో చర్మాన్ని రెచ్చగొడితే అక్కడి సన్న రక్తనాళాలు వెడల్పవుతాయి, నెత్తురు ఎక్కువ వస్తుంది. నాళాల గోడల నుంచి నీరు ఊరి చర్మం ఉబ్బుతుంది, వేడెక్కుతుంది. తెల్లవాళ్లకు ఎక్కువా, మనకు తక్కువా కాదు. తేడా అంతా ఆ నెత్తురుకూ చూసేవాడి కంటికీ మధ్య ఉన్న పొరలోనే ఉంది. మన శరీరంలో చాలాచోట్ల పైచర్మం మందం మిల్లీమీటరులో పదో వంతు. నల్లదనాన్నిచ్చే మెలనిన్ ఎక్కువగా ఆ పొర అడుగున ఉంటుంది. రక్తనాళాలు దానికింకా కింద ఉంటాయి. కాబట్టి వెలుతురు మెలనిన్ పొరను దాటి లోపలికి పోవాలి, నెత్తురును తాకాలి, మళ్లీ అదే పొరను దాటి బయటికి రావాలి. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి, రెండుసార్లు సుంకం కట్టాలన్నమాట.

నెత్తురు ఎర్రగా కనపడటానికి కారణం అది ఎరుపును పుట్టించడం కాదు, ఆకుపచ్చ వెలుతురును మింగెయ్యడం. వాపు వచ్చినచోట నెత్తురు పెరిగితే ఆకుపచ్చ ఇంకా తగ్గుతుంది. ఎరుపు మాత్రం దాదాపు అలాగే తిరిగొస్తుంది. ఈ తగ్గుదలనే కన్ను "ఎర్రబడింది" అని చదువుకుంటుంది.

తేలిగ్గా ఉండేందుకు గుండ్రటి అంకెలతో ఒక లెక్క వేద్దాం. ఇవి కొలిచిన అంకెలు కావు, తీరు తెలియడానికే. ఆకుపచ్చ వెలుతురు వంద పాళ్లు చర్మం మీద పడిందనుకోండి. అందులో అయిదు పాళ్లు లోపలికి పోకుండా పైపొర మీదే మెరిసి తిరిగొస్తాయి. ఇది అన్ని రంగుల చర్మాలకూ ఉన్నదే. తెల్లటి చర్మంలో లోపలికి పోయిన వెలుతురులో నలభై పాళ్లు తిరిగొచ్చాయనుకుంటే, పైమెరుపుతో కలిపి నలభై అయిదు. వాపు వచ్చి నెత్తురు సగం మింగితే ఆ నలభై ఇరవై అవుతుంది, మొత్తం ఇరవై అయిదు. నలభై అయిదు నుంచి ఇరవై అయిదుకు పడటాన్ని గది అవతల నుంచి చూసినా పట్టుకోవచ్చు. గోధుమ రంగు చర్మంలో మెలనిన్ ముందే ముప్పాతిక వంతు తీసేసుకుంది, కాబట్టి తిరిగొచ్చేది పది. మెరుపుతో కలిపి పదిహేను. వాపు వచ్చాక పది అయిదవుతుంది, మొత్తం పది. నెత్తురు చేసిన పని రెండుచోట్లా సగానికి సగమే. కంటికి చేరిన తేడా మాత్రం ఒకచోట ఇరవై, ఇంకోచోట అయిదు. ఆ అయిదు కూడా ముందే ముదురుగా ఉన్న రంగు మీద పడుతుంది. అందుకే అది ఎరుపుగా కాకుండా మరింత ముదురు గోధుమగా, వంకాయ రంగుగా, ఒక్కోసారి బూడిద రంగుగా కనపడుతుంది.

ఆ బూడిద రంగు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే అవుకు, బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాళ్ల పనిచోట నిలబడితే చాలు. కోసి ఎండలో పెట్టిన రాయి పాలిపోయి తెల్లగా ఉంటుంది. దాని మీద చెంబెడు నీళ్లు పోస్తే లోపలి అసలు రంగు ముదురుగా బయటపడుతుంది. రాయి మారలేదు. ఎండిన గరుకు పైభాగం వెలుతురును అన్ని వైపులా చెదరగొట్టి తెల్లటి తెర కట్టింది, నీళ్లు గరుకును నింపి ఆ తెరను తీసేశాయి. చర్మం ఎండి పొట్టు రేగినప్పుడు జరిగేదీ ఇదే. తెల్లటి చర్మం మీద ఆ పొట్టు అంతగా తెలియదు. మన చర్మం మీద బూడిద చల్లినట్టుంటుంది, కింద కందిన రంగును కప్పేస్తుంది. తెలిసిన డాక్టరు అక్కడ ఒక చుక్క నూనో, నీళ్లో రాసి చూస్తారు. నాపరాయి లాగే లోపలి రంగు పైకొస్తుంది. ఇంకొకటి కూడా చేస్తారు. ట్యూబులైటు కింద ఎదురుగా చూడకుండా మనిషిని కిటికీ పక్కకు తీసుకెళ్లి, వెలుతురు పక్కనుంచి పడేలా నిలబెడతారు. అప్పుడు పైమెరుపు కంట్లో పడదు, చిన్న చిన్న పొక్కులు నీడలతో లేచి కనపడతాయి.

ఇప్పుడు మన రైతు దగ్గరికి వద్దాం. ఆయన ముఖం, మెడ వెనక, చొక్కా గుండీలు విప్పిన చోట ఛాతీ పైభాగం, మోచేతుల మడతలు ముదిరి మందంగా ఉన్నాయి. గీతలు లోతుగా పడ్డాయి. "ఎండకు పని చేసేవాళ్లకు ఇది మామూలే" అని ఇంట్లోవాళ్లు రెండేళ్లు సర్దిచెప్పారు. ఆయన రంగే అంత అని కూడా అనుకున్నారు. వానలు మొదలయ్యాక పెరుగుతోందనీ, చలికాలంలో కాస్త తగ్గుతోందనీ ఆయన చెప్పాడు. "ఏం చేస్తుంటారు పెద్దాయనా?" అనడిగితే "సేను గట్ల మీద కలుపు పీకుతుంటా" అన్నాడు. ఆ కలుపు పేరు వయ్యారిభామ.

వయ్యారిభామ మన దేశపు మొక్క కాదు, అమెరికా ఖండాలది. 1950లలో పుణె దగ్గర ఇది విపరీతంగా పెరగడం మన వృక్షశాస్త్రవేత్తల కంట పడింది. అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో విత్తనాలు వచ్చాయని అప్పట్లో చాలామంది నమ్మారు, దీనికి కాంగ్రెస్ గడ్డి అనే పేరు కూడా ఉంది. కొన్నేళ్లలోనే పుణె చుట్టుపక్కల రైతులు, కూలీలు ముఖమంతా దురదలతో ఆసుపత్రులకు రావడం మొదలైంది. దీని ఆకుల మీదా, కాండం మీదా ఉండే సన్నటి నూగులో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. మొక్క ఎండితే ఆ నూగు పొడై గాలిలో లేస్తుంది. కాబట్టి మొక్కను చేత్తో ముట్టుకోకపోయినా, గాలివాటాన పొలంలో నిలబడినా చాలు, ఒంటి మీద వాలుతుంది. శరీరం ఒకసారి దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటే, తగిలిన ఒకటి రెండు రోజులకు దురద మొదలవుతుంది. ఆ రెండు రోజుల ఎడం వల్లనే చాలామందికి కారణం తెలియదు. సోమవారం కలుపు పీకినవాడు బుధవారం దురదకు బుధవారం తిన్న వంకాయ కూరను తిడతాడు.

ఇది ఎండ వల్ల వచ్చిందా, గాలిలోని నూగు వల్ల వచ్చిందా అని తేల్చడానికి రంగు ఏమాత్రం సాయపడదు. రెండూ మన చర్మం మీద నల్లగానే ఉంటాయి. చోటు చెబుతుంది. ఎండ పడని, దుమ్ము వాలే చోట్లు మనిషి తలలో మూడున్నాయి. పై కనురెప్పలు, చెవుల వెనక గుంట, గడ్డం కింది నీడ. ఎండ దెబ్బయితే ఈ మూడు చోట్లూ చాలావరకు బాగుంటాయి. మన రైతు చెవిని డాక్టరు ముందుకు వంచి వెనక వేలితో రాస్తే గరుకుగా, దళసరిగా తగిలింది. ఆ చోటు వేడిగా కూడా ఉంది. రంగు చూస్తే పక్క చర్మం కంటే ఒక పిసరు ముదురు, అంతే. కంటితో మాత్రమే చూసి ఉంటే దాటిపోయేదే. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఏళ్ల తరబడి వయ్యారిభామ బాధ పడినవాళ్లలో కొందరికి తర్వాత ఎండ కూడా పడకుండా పోతుంది. అప్పుడు ఈ తేడా చెరిగిపోయి రెండూ కలిసిపోతాయి.

కారణాన్ని ఖాయం చేసేది ప్యాచ్ పరీక్ష. అనుమానమున్న పదార్థాలను కొద్దికొద్దిగా చిన్న అల్యూమినియం బిళ్లల్లో పెట్టి వీపు మీద టేపుతో అంటిస్తారు. మన దేశంలో వాడే వరసలో వయ్యారిభామ సారం కూడా ఒకటి. నలభై ఎనిమిది గంటలు అలాగే ఉంచాలి. స్నానం చెయ్యకూడదు, చెమట పట్టే పని చెయ్యకూడదు. పొలం పనుల్లో ఉన్న మనిషికి ఈ రెండు రోజులే కష్టం. తర్వాత బిళ్లలు తీసి, నొక్కుడు గుర్తులు పోయేదాకా అరగంటో గంటో ఆగి చూస్తారు. మళ్లీ మరో ఒకటి రెండు రోజుల తర్వాత చూస్తారు. కొందరిలో అసలు జవాబు ఆ రెండోసారే వస్తుంది.

ఇక్కడ రంగు మళ్లీ అడ్డం వస్తుంది. పరీక్ష ఫలితం రాసే పద్ధతిలో ఒక ప్లస్ అంటే ఎరుపు, దాంతోపాటు చేతికి తగిలే గట్టిదనం. పొక్కులు కూడా ఉండవచ్చు. రెండు ప్లస్‌లంటే నీటి పొక్కులు కూడా లేవాలి. మూడు ప్లస్‌లంటే నీటి పొక్కులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవాలి. ఉత్త ఎరుపు మాత్రమే ఉంటే అనుమానం అని రాస్తారు. తెల్లటి వీపు మీద గుండ్రటి గులాబీ మచ్చ తలుపు దగ్గర నుంచే కనపడుతుంది. నల్లటి వీపు మీద అనుమానం అనే మెట్టు దాదాపు కంటికి అందదు, ఒక ప్లస్ కూడా సులువుగా జారిపోతుంది. అది జారిపోతే కాగితం మీద "లేదు" అని పడుతుంది. రైతు మళ్లీ గట్ల మీదికే పోతాడు.

కాబట్టి మన వీపును చూడటం కంటే ముందు తడమాలి. వేలి కొసలతో, కళ్లు మూసుకుని అన్నా తప్పులేదు, ఒక్కొక్క బిళ్ల చోటూ నెమ్మదిగా రాస్తూ పోవాలి. చుట్టూ మెత్తగా ఉన్న చర్మంలో ఒకచోట చిన్న రూపాయి బిళ్ల పెట్టినట్టు దళసరిగా తగిలితే అక్కడ ఆగాలి. అప్పుడు లైటును వీపుకు పక్కగా, దాదాపు చర్మం మీద పారేలా పట్టాలి. ఎరుపు కనపడకపోయినా, ఉబ్బుకు ఒక వైపు నీడ పడుతుంది. మన రైతు విషయంలో రెండో రోజు డాక్టరు కంటికి ఏమీ కనపడలేదు. వేలికి కాస్త అనుమానం తగిలింది. నాలుగో రోజు పక్కవెలుతురులో సన్న సన్న నీటి పొక్కులు, పక్కన ముదురు వంకాయ రంగు నీడ. రెండు ప్లస్‌లు.

మందు సంగతి పుస్తకంలో ఎక్కడైనా దొరుకుతుంది, క్లుప్తంగానే చెబుతాను. మొక్కకు దూరంగా ఉండటం, కలుపు పని ఇంకొకరికి అప్పగించడం, పొలం నుంచి రాగానే స్నానం, బట్టలు వేరుగా ఉతకడం. కొన్నాళ్లపాటు డాక్టరు చెప్పిన స్టెరాయిడ్ లేపనం. ముదిరినవాళ్లకు అజథయోప్రిన్ వంటి మాత్రలు, వాటితోపాటు క్రమం తప్పకుండా రక్తపరీక్షలు. ఒకసారి పడకుండా పోయిన గుణం మామూలుగా జీవితాంతం ఉంటుంది.

నేను ఎక్కువసేపు చెప్పదలిచింది మందు పనిచేశాక వచ్చే చిక్కు గురించి. తెల్లటి చర్మం మీద వాపు తగ్గితే ఎరుపు పోతుంది, ఎరుపు పోతే జబ్బు తగ్గిందని రోగికీ డాక్టరుకూ ఒకేసారి తెలుస్తుంది. మన చర్మంలో వాపు మెలనిన్ తయారుచేసే కణాలను కూడా రెచ్చగొడుతుంది. అవి ఎక్కువ రంగు పోస్తాయి. వాపు గట్టిదైతే ఆ రంగు కొంత కిందిపొరలోకి జారిపోతుంది. లోతుగా పడిన నలుపు పైనుంచి చూస్తే కాస్త నీలం కలిసిన బూడిద రంగులో కనపడుతుంది. పైపొరలో ఉన్న నలుపు కొన్ని నెలల్లో పలచబడుతుంది. లోతుది ఏళ్లు పట్టవచ్చు. అంటే మంట ఆరిపోయినా మసి మిగిలి ఉంటుంది.

రోగి ఈ మసినే జబ్బు అనుకుంటాడు. నవ లేదు, మంట లేదు, చర్మం మెత్తబడింది, అయినా అద్దంలో నలుపు అలాగే ఉంది కాబట్టి మెడికల్ షాపులో అదే ట్యూబు మళ్లీ కొంటాడు. స్టెరాయిడ్‌కు చర్మం రంగును తగ్గించే గుణం కొంత ఉంది. అందుకని ముందు కాస్త తెల్లబడినట్టనిపిస్తుంది, నమ్మకం పెరుగుతుంది, వాడకం నెలలకు సాగుతుంది. ఆ తర్వాత చర్మం పల్చబడి సాగిన చారలు పడతాయి, ముఖం మీద మొటిమల వంటి పొక్కులు లేస్తాయి, ఆపితే భగ్గున మండుతుంది. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. "అది పాత మచ్చలే, మెల్లిగా పోతాయి" అని చెప్పి పంపించిన నలుపు కింద వాపు ఇంకా రాజుతూ ఉండవచ్చు. రంగు ఒక్కటే చూస్తే ఈ రెండు తప్పుల్లో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది.

ఈ చిక్కు రైతులకూ, మన దేశానికీ మాత్రమే పరిమితం కాదు. 2002లో లండన్‌లో బెన్-గషీర్, హే అనే వైద్యులు ఎగ్జిమా ఉన్న పిల్లల మీద చేసిన పరిశీలనను ప్రచురించారు. జబ్బు తీవ్రతకు మార్కులు వేసేటప్పుడు ఎరుపుకు కూడా మార్కులుంటాయి. నల్లపిల్లలకు ఆ మార్కు తక్కువ పడటంతో మొత్తం కూడా తక్కువే వస్తోంది. ఎరుపు మార్కుల ప్రభావాన్ని లెక్కలో సర్దుబాటు చేసి చూస్తే, తీవ్రమైన ఎగ్జిమా నల్లపిల్లల్లో తెల్లపిల్లల కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా ఉండే అవకాశం తేలింది. అంతవరకు వాళ్ల కాగితాల మీద ఆ తీవ్రత పడలేదు. 2020లో అదే నగరంలో మలోన్ ముక్వెండే అనే వైద్య విద్యార్థి, నల్ల చర్మం మీద జబ్బులు ఎలా కనపడతాయో చూపే బొమ్మలు తన పాఠాల్లో లేవని గమనించి, ఇద్దరు అధ్యాపకులతో కలిసి 'మైండ్ ద గ్యాప్' అనే చిన్న పుస్తకం తెచ్చాడు. మన కాలేజీల్లో రోగులంతా గోధుమ రంగువాళ్లే కాబట్టి ఈ లోటు లేదనుకోవచ్చు. కానీ చేతిలో చూసేది ఒక చర్మం, పుస్తకంలో చదివే మాటలు ఇంకో చర్మానివి. "ఎరిథీమా ఉంది" అని, అంటే ఎర్రబడిందని, కేసు షీటులో రాసే విద్యార్థి, చాలాసార్లు తాను చూసినదాన్ని కాకుండా చూసి ఉండాల్సినదాన్ని రాస్తాడు.

జ్వరంతో వచ్చే దద్దుర్లకు కూడా ఇదే చూపు కావాలి. డెంగీలో కొందరికి ఒళ్లంతా కందుతుంది. గోధుమ రంగు ఒంటి మీద అది ఎరుపుగా తెలియకపోవచ్చు. అరచేతిని రోగి వీపుకో పొట్టకో గట్టిగా అదిమి తీస్తే, నెత్తురు పక్కకు తొలగి కాసేపు వేళ్ల ముద్ర లేతగా నిలుస్తుంది. ఆ ముద్ర కనపడ్డాకే చుట్టూ ఉన్న రంగు మామూలు రంగు కాదని అర్థమవుతుంది. నొక్కినా పోని చుక్కలుంటే అవి నాళాల బయటికి కారిన నెత్తురు, వాటిని వెంటనే డాక్టరుకు చూపించాలి. ముదురు చర్మం మీద ఆ చుక్కలు కూడా దాక్కుంటాయి. మెలనిన్ తక్కువగా ఉండే చోట్లు వెతకాలి. కింది కనురెప్ప లోపల, నోట్లో అంగిలి మీద, అరచేతుల్లో, అరికాళ్లలో.

ఆరు వారాల తర్వాత మన రైతు భార్యతో కలిసి మళ్లీ నంద్యాల వచ్చాడు. కలుపు పనికి ఇప్పుడు మనిషిని పెట్టుకున్నారు. "నల్లదనం పోలేదు కదా సార్, ట్యూబు ఇంకోటి రాయండి" అంది ఆమె. డాక్టరు ఆయన చెవిని ముందుకు వంచి, ఆమె చూపుడు వేలిని పట్టుకుని చెవి వెనక పెట్టించారు. తర్వాత అదే వేలిని ఆయన భుజం మీద, ఎప్పుడూ ఏ జబ్బూ రాని చోట పెట్టించారు. "రెండుచోట్లా ఒకేలా ఉందామ్మా?"

ఆమె రెండోసారి కూడా రాసి చూసింది. "మెత్తగానే ఉండాది సార్. గరుకు లేదు."

"వారానికోసారి ఇట్లనే రాసి చూడు. గరుకు తగిలినా, నవ మొదలైనా ఆ రోజే రండి. నల్లగా ఉన్నంత మాత్రాన మాత్రం ట్యూబు పూయొద్దు" అని ఆయన చీటీలో స్టెరాయిడ్ లేపనం పేరు కొట్టేసి, మామూలు కొబ్బరినూనె అని రాశారు.